మేనేజర్లకు బ్యాలెన్స్ షీట్ ఎక్కడి నుంచి చెప్పాలి? లాభం 12 లక్షలు, బ్యాంకులో 4 లక్షలు

సీతమ్మధార (ప్రశ్న):
మాది ఆటోనగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ కంపెనీ, ప్రైవేట్ లిమిటెడ్. నేను అడ్మిన్ చూస్తాను. ప్రొడక్షన్, స్టోర్స్, పర్చేజ్, డిస్పాచ్ చూసే నలుగురికి శనివారం గంటసేపు బ్యాలెన్స్ షీట్ చదవడం చెప్పమన్నారు. నలుగురికీ అకౌంట్స్ రావు. 12 లక్షల లాభం వస్తే జీతాలు పదో తారీఖు ఎందుకు దాటుతున్నాయన్నదే వాళ్ల మొదటి ప్రశ్న. కరెంట్ రేషియో చెబితే చాలని మా డైరెక్టర్ గారి మాట. మీరైతే ఎక్కడ మొదలుపెడతారు?

క్రెడిట్ డెస్క్:
31 ఏళ్లు బ్యాంకులో లోన్ల సెక్షన్ చూసి రిటైరయ్యాను. మీ డైరెక్టర్ గారు చెప్పింది సరైనదే అమ్మా. ఏడాదిలోపు చేతికి రావాల్సినవన్నీ కూడండి, ఏడాదిలోపు కట్టాల్సినవన్నీ కూడండి, మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 1.33 దాటితే కంపెనీ నిలబడుతుంది. 1975లో టాండన్ కమిటీ నాటి నుంచి బ్యాంకులు చూస్తున్న అంకె ఇది. అకౌంట్స్ రానివాళ్లకు ఇంతకంటే ఎక్కువ చెబితే గందరగోళం అవుతుంది.

కొమ్మాది:
మా ఆవిడ టైలరింగ్ షాపుకి లోన్ కోసం వెళ్తే బ్యాలెన్స్ షీట్ తెమ్మన్నారు. సీఏ దగ్గరికి వెళ్లకుండా మనమే రాసుకోవచ్చా?

దొండపర్తి:
కొమ్మాది గారూ, అది వేరే విషయం. విడిగా అడగండి, చెప్పేవాళ్లున్నారు.

పద్దు పుస్తకం:
సీతమ్మధార గారూ, అంకెలు లేకుండా మాట్లాడితే గాలిలో మాట్లాడినట్టే. ఈ ఏడాదివి, పోయిన ఏడాదివి రెండూ పెట్టండి. కంపెనీ పేరు అక్కర్లేదు.

సీతమ్మధార:
అన్నీ లక్షల్లో. ముందున్నది 2024 మార్చి 31, తర్వాతిది 2025 మార్చి 31.

వాటా మూలధనం 20, 20
రిజర్వులు 52, 64
టర్మ్ లోన్, ఏడాది తర్వాత కట్టేది 40, 30
సీసీ అంటే బ్యాంకు క్యాష్ క్రెడిట్ అప్పు, ఈ ఏడాది కట్టాల్సిన కిస్తీలు కలిపి 28, 48
సప్లయర్లకు ఇవ్వాల్సింది 34, 40
జీఎస్టీ, పీఎఫ్ లాంటివి 6, 8
మొత్తం 180, 210

మెషీన్లు, షెడ్డు 78, 70
సరుకు 38, 52
పార్టీల నుంచి రావాల్సింది 50, 78
బ్యాంకు, నగదు 9, 4
డిపాజిట్లు వగైరా 5, 6
మొత్తం 180, 210

కిస్తీలు ఏడాదికి 10. కొత్త మెషీన్ ఏదీ కొనలేదు. డివిడెండ్ తీయలేదు.

క్రెడిట్ డెస్క్:
చూశారా. రావాల్సినవి 140, కట్టాల్సినవి 96. రేషియో 1.46. మంచి కంపెనీ. జీతాలు లేటవుతున్నాయంటే వసూళ్ల మీద కాస్త అశ్రద్ధ, అంతే.

పద్దు పుస్తకం:
క్రెడిట్ డెస్క్ గారూ, పోయిన ఏడాదిది కూడా మీ పద్ధతిలోనే లెక్క కట్టండి. 102ని 68తో భాగిస్తే 1.50. అంటే ఏడాదిలో రేషియో దాదాపు కదల్లేదు. అదే ఏడాదిలో, కిస్తీల 10 తీసేసి చూస్తే, సీసీ 18 నుంచి 38 లక్షలకు ఎక్కింది, బ్యాంకు నిల్వ సగానికి పైగా పడిపోయింది, జీతాలు ఆలస్యమయ్యాయి. ఇంత జరిగినా కదలని అంకెతో ఆ నలుగురి ప్రశ్నకు ఏం జవాబు చెబుతారు?

నేనైతే భాగహారం జోలికే పోను. రెండేళ్ల కాగితాలు పక్కపక్కన పెట్టి, ప్రతి వరుసకీ తీసివేత చేయమంటాను. పెన్సిల్ వాళ్ల చేతికే ఇస్తాను.

రిజర్వులు 12 పెరిగాయి, అదే లాభం. మెషీన్ల విలువ 8 తగ్గింది. ఆ తరుగుదలను లాభంలోంచి తీసేశారు గానీ ఆ డబ్బు ఎవరికీ ఇవ్వలేదు. కాబట్టి వ్యాపారం నిజంగా తెచ్చింది 20 లక్షలు. ఇప్పుడు ఆ 20 ఎటు పోయిందో చూడాలి. పార్టీల దగ్గర 28 ఆగిపోయింది. సరుకులో 14 కూరుకుపోయింది. కిస్తీలకు 10 కట్టారు, డిపాజిట్లలోకి 1 వెళ్లింది. మొత్తం 53. వచ్చింది 20, పోయింది 53, లోటు 33. ఆ 33 ఎలా పూడ్చారంటే సీసీ నుంచి 20 తీశారు, సప్లయర్లకు 6, ప్రభుత్వానికి కట్టాల్సినవి 2 పెండింగ్‌లో పెట్టారు, బ్యాంకులో ఉన్నదాంట్లోంచి 5 వాడేశారు.

జీతాలు ఎందుకు లేటవుతున్నాయో ఆ ఒక్క పేరాలో ఉంది. ఇది చెప్పడానికి అరగంట చాలు.

ఒక్క జాగ్రత్త. రిజర్వులు 64 అని చూడగానే అంత డబ్బు ఎక్కడో దాచారని అనుకుంటారు. కచ్చితంగా అడుగుతారు. ఏళ్ల తరబడి మిగిలిన లాభం అది, ఇప్పుడు నోట్ల రూపంలో లేదు. రెండో వైపున మెషీన్లుగా, స్టీలు ప్లేట్లుగా, పార్టీల బాకీలుగా ఉంది. నోట్ల రూపంలో ఉన్నది ఆ 4 లక్షలే.

మర్రిపాలెం:
పదేళ్లుగా ఆ రిజర్వులంటే ఫిక్స్‌డ్ డిపాజిట్ అనుకుంటున్నాను. ఇవాళ అర్థమైంది.

షాప్ ఫ్లోర్, గాజువాక:
నేను ప్రొడక్షన్ మేనేజర్ని. "సరుకు 14 పెరిగింది" అని ఆ గదిలో చదవగానే అందరూ ఎవరి వైపు చూస్తారో నాకు తెలుసు. నేను ముందు పనిచేసిన చోట ఇదే జరిగింది. ప్లేటు ధర పెరుగుతుందని యజమాని తనే 9 లక్షల స్టీలు కొనిపించాడు. ధర తగ్గింది. ఏడాది చివర నా ఇంక్రిమెంట్ ఆపేశారు, స్టాక్ పెరిగిందని. ఇలాంటి క్లాసులు నేర్పడానికి కాదు, నింద పంచడానికే.

పద్దు పుస్తకం:
మీకు జరిగింది అన్యాయం. అందుకే మొత్తం అంకె దగ్గర ఆగకూడదంటున్నాను. సీతమ్మధార గారూ, ఆ 78లో ఆరు నెలలు దాటిన బాకీలెన్ని? ఆ 52లో కదలని సరుకెంత? బాకీల వయసు మీ బ్యాలెన్స్ షీట్ నోట్స్‌లోనే ఉంటుంది, 2021 నుంచి ఆ పట్టిక తప్పనిసరి.

సీతమ్మధార:
చూశాను. ఆరు నెలలు దాటినవి 19. అందులో 12 రిటెన్షన్ డబ్బు, పని అప్పగించాక పార్టీ పట్టి ఉంచుకున్నది. మిగతా 7 బిల్లుతో పాటు ఇన్‌స్పెక్షన్ నోట్ వెళ్లలేదని ఆపారు. సరుకులో 11 లక్షలు ఒక ఆర్డర్ కోసం కట్ చేసిన ప్లేట్లు. ఆ ఆర్డర్ జనవరిలో రద్దయింది.

పద్దు పుస్తకం:
ఇప్పుడు అసలు విషయానికి వచ్చాం. ఆ 19 ఈ ఏడాదిలో రాదనుకుంటే క్రెడిట్ డెస్క్ గారి 140 కాస్తా 121 అవుతుంది, రేషియో 1.26. ఆయన గీత కిందికి వచ్చేసింది. సర్, మీరే చెప్పండి, నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్ తీసుకున్నప్పుడు 90 రోజులు దాటిన బాకీల మీద మీరు డబ్బు తీయనిచ్చేవారా?

క్రెడిట్ డెస్క్:
ఇచ్చేవాళ్లం కాదు, ఒప్పుకుంటాను. వాటిని తీసేసే డ్రాయింగ్ పవర్, అంటే సీసీలో ఎంతవరకు తీయొచ్చో, లెక్క కట్టేవాళ్లం. కానీ అది బ్యాంకు పని. స్టోర్స్ చూసే అబ్బాయికి అదంతా ఎందుకు?

పద్దు పుస్తకం:
ఎందుకంటే ఆ 7 లక్షలు ఆగింది కాగితం లేక. ఆ కాగితం మీద సంతకం పెట్టించాల్సింది డిస్పాచ్. మీ రేషియో అతనికి ఈ మాట చెప్పదు.

ఆ 11 లక్షల ప్లేట్లది ఇంకా పెద్ద సమస్య. సరుకును కొన్న ధరకో, అమ్మితే వచ్చే ధరకో, ఏది తక్కువైతే దానికి చూపించాలి. వేరే పనికి పనికొస్తాయంటే సరే. తుక్కు కింద 4 లక్షలే వస్తాయంటే 7 లక్షలు నష్టం రాయాలి. పన్ను సంగతి పక్కన పెడితే మీ 12 లక్షల లాభం 5 దగ్గరికి వస్తుంది. వాటిని ఏ ధరకు చూపించారో మీ ఆడిటర్‌ని అడగండి.

క్రెడిట్ డెస్క్:
అంటే లాభమే తప్పని నలుగురు ఉద్యోగుల ముందు చెప్పిస్తారా! నా అసలు అభ్యంతరం ఇదేనండి, మొహమాటం లేకుండా చెప్పేస్తాను. అప్పులు, రిజర్వులు, లాభం ఉద్యోగులకు చూపించకూడదు. నా కస్టమర్ ఒకాయన చూపించాడు. రెండు నెలల్లో బోనస్ గొడవ, ఆపై సప్లయర్లకు విషయం పొక్కి అడ్వాన్స్ ఇస్తేనే సరుకన్నారు. రేషియో ఒక్కటే చెబితే లోపలి సంగతి లోపలే ఉంటుంది.

పద్దు పుస్తకం:
ఇంతసేపూ మనం రేషియో గురించి కాదన్నమాట, దాచడం గురించి వాదిస్తున్నాం. సర్, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ బ్యాలెన్స్ షీట్ ఏటా ఏఓసీ-4 ఫారంతో దాఖలవుతుంది. ఫీజు కడితే కంపెనీల వ్యవహారాల శాఖ ఎంసీఏ సైట్లో ఎవరైనా చూడొచ్చు. కావాలనుకుంటే సప్లయర్ చూసుకోగలడు. అక్కడే పనిచేసే మనిషికి చూపించకూడదా?

క్రెడిట్ డెస్క్:
చూడొచ్చు అనడం వేరు, మనమే పిలిచి చూపించడం వేరు. ఈ విషయంలో నా మాట మారదు.

షాప్ ఫ్లోర్, గాజువాక:
నాకు దాచడం అక్కర్లేదు. చూపిస్తే మొత్తం చూపించండి. 14 పెరిగిందని ఆగకుండా, అందులో 11 రద్దయిన ఆర్డర్‌దని చెబితే మీ ప్రొడక్షన్ మేనేజర్ తల ఎత్తుకుని కూర్చుంటాడు. ఆ రోజు నాకు ఈ ముక్క చెప్పేవాళ్లు లేకపోయారు.

దొండపర్తి:
అయినా మిగతా 3 పెరిగింది కదా, దానికైనా జవాబు చెప్పాలి.

షాప్ ఫ్లోర్, గాజువాక:
చెబుతాను. కానీ 3కి అడగండి, 14కి కాదు.

సీతమ్మధార:
డైరెక్టర్ గారితో మాట్లాడాను. రెండేళ్ల కాగితం పక్కపక్కన పెట్టడానికి ఒప్పుకున్నారు. టర్మ్ లోన్, సీసీ వరుసలు కలిపి "బ్యాంకు అప్పు" అని ఒకే అంకె చూపించమన్నారు. ప్లేట్ల గురించి ఆడిటర్‌కి ఫోన్ చేశాను, వచ్చి చూస్తానన్నారు.

పద్దు పుస్తకం:
కలిపితే అప్పు 68 నుంచి 78 అవుతుంది, 10 పెరిగినట్టే కనిపిస్తుంది. సీసీ రెండింతలైందన్న సంగతి అందులో మాయమైపోతుంది. మీ సీసీ లిమిట్ ఎంత?

సీతమ్మధార:
40 లక్షలు.

పద్దు పుస్తకం:
38 అప్పుడే వాడేశారు. ఇక మిగిలింది 2 లక్షలే. ఇంకోసారి డైరెక్టర్ గారిని కలిసి, ఆ వరుస మాత్రం విడిగా ఉంచమని అడగండి.

షాప్ ఫ్లోర్, గాజువాక:
అడిగేటప్పుడు, ఆ ఆర్డర్‌కి పార్టీ నుంచి అడ్వాన్స్ తీసుకోకుండా ప్లేట్లు కట్ చేయమన్నది ఎవరో కూడా అడగండమ్మా.