బ్యాంకులో ఇరవై లక్షలుంటే ట్రస్టుకు డబ్బున్నట్టేనా?

కొత్త_కోశాధికారి
"ఒకే ట్రస్టు, ఒకే బ్యాంకు ఖాతా, అంతా సేవకే. మరి ఏ విరాళం దేనికి వచ్చిందో విడివిడిగా ఎందుకు రాయాలి?" మా కమిటీ నన్ను అడిగిన ప్రశ్న ఇది. బ్యాంకులో 20 లక్షలున్నాయి. జీతాలకు ఇబ్బంది లేదంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది.

దీపస్తంభం
నేను ఓ చిన్న ట్రస్టు నడుపుతున్నాను కాబట్టి చెబుతున్నా. ఈ విడివిడి లెక్కలన్నీ ఆడిటర్ల కోసం పెట్టినవి. మేం ఒక్క పైసా ఇంటికి తీసుకెళ్లం. యంత్రానికి వచ్చిన డబ్బు ఈ నెల నర్సు జీతానికి వాడితే తప్పేంటి? ఆ నర్సు చూసేది కూడా రోగినే కదా.

పద్దు_పుస్తకం
కోశాధికారి గారూ, ముందు ఒక చిన్న పని చేయండి. ఏడాది మొదట్లో ఏ నిధిలోనూ నిల్వ లేదనుకుంటే, ఏ పని పేరున ఎంత వచ్చింది, అందులో ఎంత ఖర్చయింది, ఈ రెండూ రాసి ఇక్కడ పెట్టండి.

కొత్త_కోశాధికారి
మొదట్లో నిల్వ ఏమీ లేదండి. డయాలసిస్ యంత్రానికి 14 లక్షలు వచ్చాయి, ఇంకా కొనలేదు. విద్యార్థుల ఉపకార వేతనాలకు 15 వచ్చాయి, 6 ఇచ్చాం. దేనికని చెప్పకుండా ఇచ్చినవి 6 లక్షలు. జీతాలు, అద్దె, కరెంటు కలిపి 9 అయ్యాయి. ఇవ్వాల్సిన బిల్లులేవీ మిగల్లేదు.

పద్దు_పుస్తకం
అయితే చూడండి. యంత్రం నిధిలో 14 ఉండాలి, విద్యార్థుల నిధిలో 9 ఉండాలి. రెండూ కలిపితే 23. బ్యాంకులో ఉన్నది 20. అంటే దేనికని చెప్పకుండా వచ్చిన డబ్బు, అంటే మీ సాధారణ నిధి, మైనస్ 3 లక్షలు. జీతాలకు ఇబ్బంది లేదని కమిటీ అనుకుంటున్న రోజుకే, దాతలు వేరే పనికిచ్చిన డబ్బులో 3 లక్షలు ఖర్చయిపోయాయి. ఎవరూ దొంగిలించలేదు, ఎవరూ ఆ నిర్ణయం తీసుకోలేదు కూడా. అన్నీ ఒకే పద్దులో కలిసిపోవడంతో అలా జరిగిపోయింది. 20 లక్షలు కనబడుతున్నాయని రేపు ఇంకో మనిషిని ఉద్యోగంలోకి తీసుకుంటారు. యంత్రం బిల్లు వచ్చిన రోజు చెల్లించేస్తారు కూడా. మిగిలిన 6తో 9 లక్షల ఉపకార వేతనాలు ఇవ్వాల్సినప్పుడు గానీ తెలియదు, అదీ పిల్లలు ఫీజు కట్టాల్సిన సమయానికి.

నల్లరేగడి
ఇంత లెక్క ఎందుకు? ఒక్కో పనికి ఒక్కో బ్యాంకు ఖాతా తెరిస్తే సరిపోతుంది.

పద్దు_పుస్తకం
ఖాతాలు వేరు చేస్తే సాయపడుతుంది, కాదనను. కానీ దానితోనే సరిపోదు. ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు బదిలీ చేయడం నిమిషం పని, అది అప్పా ఖర్చా అన్నది పుస్తకంలో రాస్తేనే తెలుస్తుంది. ఒకే బిల్లులో సగం ఒక నిధికి, సగం ఇంకో నిధికి పడే ఖర్చులూ ఉంటాయి. రసీదు రాసేటప్పుడే నిధి పేరు వేసి, ప్రతి ఓచరు మీదా ఏ నిధి నుంచో రాస్తే, ఒకే ఖాతా ఉన్నా లెక్క తేలుతుంది.

వాన_చినుకు
నేను దాతగా మాట్లాడుతున్నాను. మా నాన్న పేరున చదువుకునే గది, పుస్తకాలు పెట్టమని ఒక సంస్థకు డబ్బిచ్చాం. ఆ తర్వాత వెళ్లి చూస్తే గది లేదు. అడిగితే "అన్నీ కలిపి సేవకే ఖర్చయ్యాయి" అన్నారు. నేను అబద్ధమనలేదు. కానీ మా నాన్న పేరు ఎక్కడుంది? దీపస్తంభం గారూ, మీ నర్సు మంచిదే కావచ్చు, నేను ఆమె జీతానికి ఇవ్వలేదు.

దీపస్తంభం
మీ సంస్థ తప్పు నా మీద వేయకండి. మేం భవనానికని 2 లక్షలు పక్కన పెట్టుకున్నాం, తర్వాత అవసరమొచ్చి కమిటీ తీర్మానంతో మందులకు వాడాం. ఆడిటర్ ఏమీ అనలేదు. మరి అది సరైతే ఇది ఎలా తప్పవుతుంది?

పద్దు_పుస్తకం
ఆ 2 లక్షలు దాతలు భవనానికనే ఇచ్చారా, లేక సాధారణ విరాళాల్లోంచి మీరే తీసి పెట్టారా?

దీపస్తంభం
మేమే తీసి పెట్టాం.

పద్దు_పుస్తకం
అందుకే ఆడిటర్ ఏమీ అనలేదు. మీరు పెట్టుకున్న షరతును మీరే తీసేయొచ్చు. దాత పెట్టిన షరతును కమిటీ తీర్మానం ఒక్కటే తీసేయలేదు. దాత అనుమతి కావాలి, దాత దొరకకపోతే చట్టం చెప్పిన దారిలో వెళ్లాలి. విజ్ఞప్తిలో మీరు "యంత్రం కోసం" అని అచ్చు వేసి అడిగారంటే, దాత వేరే ఉత్తరం రాయకపోయినా అది షరతే.

నల్లరేగడి
తాత్కాలికంగా అప్పు తీసుకోవచ్చు కదా, తర్వాత తిరిగి వేసేస్తారు.

పద్దు_పుస్తకం
మీ ట్రస్టు పత్రం, అక్కడి చట్టం ఒప్పుకుంటే. ఒప్పుకున్నా ముందే తీర్మానం రాయాలి, ఆ నిధికి ఇంత బాకీ అని పుస్తకంలో కనబడాలి, తీర్చే డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తెలిసి ఉండాలి. మంజూరైన గ్రాంటు వచ్చే నెల పడుతుందంటే అది అప్పు. "ఎవరో ఒకరు ఇస్తారులే" అంటే అది అప్పు పేరుతో చేసిన ఖర్చు.

దీపస్తంభం
సరే, సూటిగా చెబుతాను. యంత్రానికి ఇమ్మంటే ఇస్తారు, ఫలకం మీద పేరుంటుంది. జీతానికి, కరెంటు బిల్లుకి ఇమ్మంటే ఒక్కరూ ఇవ్వరు. యంత్రం కొని పెడితే దాన్ని ఎవరు నడుపుతారు? మీరంతా నీతులు చెబుతారు, నెలాఖరున ఆ మనిషి ముఖం చూడాల్సింది నేను. నా కోపం లెక్కల మీద కాదు, దాతల మీద.

వాన_చినుకు
అదే మాట ముందే అడిగి ఉంటే ఇచ్చేదాన్నేమో. చెప్పకుండా తీసుకోవడం దగ్గరే నాకు అభ్యంతరం.

పద్దు_పుస్తకం
ఇప్పుడు అసలు సంగతి బయటికి వచ్చింది. దీపస్తంభం గారు చెప్పిన కష్టం నిజం. దానికి దారి విజ్ఞప్తి రాసే దగ్గరే ఉంది. "డయాలసిస్ యంత్రం, మొదటి ఏడాది టెక్నీషియన్ జీతం, నిర్వహణ" అని అడగండి. అప్పుడు ఆ జీతం ఆ నిధికే న్యాయంగా పడుతుంది. ఒకే మనిషి రెండు పనులు చేస్తే, ఏ పనికి ఎంత సమయం ఇచ్చారో నెలనెలా రాసి పెట్టుకుని ఆ ప్రకారం పంచండి. ఏడాది చివర, ఏ నిధిలో మిగిలితే దానిమీద అందాజుగా వేయడం మాత్రం కుదరదు.

దీపస్తంభం
అలా అడిగితే విరాళాలు సగానికి పడిపోతాయి.

వాన_చినుకు
పడితే పడనివ్వండి. ఆ మిగిలిన సగం తెలిసి ఇచ్చినవాళ్లది.

దీపస్తంభం
రోగులకు ఆ మాట మీరు చెప్పండి.

కొత్త_కోశాధికారి
కొత్త విజ్ఞప్తి మారుస్తాం. ఇప్పటికే పోయిన 3 లక్షల సంగతి?

పద్దు_పుస్తకం
సాధారణ నిధి మైనస్‌ను దాచకుండా నివేదికలో చూపించండి. ఇకపై షరతు లేకుండా వచ్చే విరాళాలు ముందు దానికే పోవాలి. అది తీరేదాకా కొత్త ఉద్యోగాలు వద్దు. ఇదంతా తీర్మానంగా రాయించుకోండి, ఎందుకంటే చాలాచోట్ల ఇలాంటి లోటుకు ట్రస్టీలే సొంతంగా జవాబుదారీ కావాల్సి రావచ్చు.

కొత్త_కోశాధికారి
ఆదివారం మీటింగులో ఈ 23, 20 అంకెలు పక్కపక్కనే రాసి పెడతాను. టెక్నీషియన్‌ను తీసుకోవాలని ఇప్పటికే మాట ఇచ్చేశారు, అక్కడే గొడవ అవుతుంది.