సబ్‌టైటిల్ ఆఫర్‌ను మార్చేస్తే తప్పు ఎవరిది? స్క్రిప్టుదా, యంత్రానిదా?

పలాస పప్పు వ్యాపారి: మాది జీడిపప్పు దుకాణం. యూట్యూబ్‌లో పండుగ వీడియో పెట్టాం. అందులో మా తమ్ముడు అన్న వాక్యం ఇది: "రెండు కిలోలు తీసుకుంటే అర కిలో మీద సగం తగ్గిస్తాం, పార్సిల్ ఛార్జీలు కూడా తీసుకోం, ఇరవై వరకే సుమా!" బరంపురం నుంచి ఒకాయన హిందీ సబ్‌టైటిల్ చూసి, రెండున్నర కిలోలూ సగం ధరకే వస్తాయనుకుని డబ్బు పంపారు. యంత్రం కోసం మన మాట తీరు మార్చుకోవాలా? లేక మామూలుగా మాట్లాడి సబ్‌టైటిల్ సరిచేసుకుంటే చాలా?

రాజాం రమణ: మాట తీరు మార్చుకోవలసిందే. నా అనుభవంలో మందు ఒక్కటే, చిన్న చిన్న వాక్యాలు. "2 కిలోలు కొనండి. అర కిలోకు సగం ధర. పార్సిల్ ఉచితం." ఇలా ముక్కలు చేస్తే ఏ భాషలోకి వెళ్లినా చెడదు.

బొబ్బిలి స్క్రిప్టు రచయిత్రి: రమణ గారు సగం దారి సరిగానే చూపారు. మిగతా సగంలోనే ప్రమాదం ఉంది. ఆ మూడు ముక్కలు తెర మీదకు విడివిడిగా వస్తాయి. వీడియో మధ్యలో చూడడం మొదలుపెట్టినవారికి "అర కిలోకు సగం ధర" అన్నది మాత్రమే కనిపిస్తే రెండు కిలోల షరతు ఎగిరిపోయినట్టే. పొడుగు వాక్యంతోనూ అదే ఇబ్బంది. యంత్రం సమయాన్ని బట్టి దాన్ని ఎక్కడో తెంపుతుంది. మన భాషలో షరతు ముందూ క్రియ చివరా వస్తాయి కనుక ఆ తెగిన చోట షరతు ఒక ముక్కలో, ఫలితం మరో ముక్కలో పడుతుంది. అందుకే వాక్యం చిన్నదా పెద్దదా అని నేను చూడను. షరతు, లాభం ఒకే వాక్యంలో, తెర మీద ఒకేసారి నిలిచే పొడవులో ఉన్నాయా అని చూస్తాను.

వ్యాపారి గారి వాక్యంలో ఇబ్బందులు మూడు చోట్ల ఉన్నాయి. మొదటిది "అర కిలో మీద సగం". అర, సగం పక్కపక్కన ఉన్నాయి. ఏది బరువుకు, ఏది ధరకు అన్నది వినేవారికి గొంతు చెబుతుంది. రాతలో ఆ గొంతు ఉండదు. రెండోది "తీసుకోం". కొనడానికీ అదే క్రియ వాడారు, వసూలు చేయడానికీ అదే. పైగా వద్దనే అర్థమంతా చివరి ఒక్క అక్షరంలో ఉంది. యంత్రం దాన్ని "తీసుకో" అని వింటే ఛార్జీలు ఉన్నట్టే అవుతుంది. మూడోది "ఇరవై వరకే". ఇరవయ్యో తేదీయా, ఇరవై మందికేనా, ఇరవై కిలోలకేనా?

నేనైతే ఇలా రాస్తాను. ధరలు ఉదాహరణకే:

```
12
00:00:41,000 --> 00:00:46,500
2 కిలోల జీడిపప్పు పూర్తి ధరకు కొన్నవారికి,
500 రూపాయల అర కిలో ప్యాకెట్ 250 రూపాయలకే.

13
00:00:46,500 --> 00:00:50,000
2 కిలోలు కొన్నవారికి పార్సిల్ ఖర్చు దుకాణమే భరిస్తుంది.
ఆఫర్‌కు ఆఖరి రోజు అక్టోబర్ 20.
```

"సగం" అన్న మాటే లేదు చూడండి. 500, 250 అని అంకెల్లో ఉన్నవి ఏ భాషలోనైనా చాలావరకు అలాగే ఉంటాయి. "పూర్తి ధరకు" అన్నది ఎబ్బెట్టుగానే ఉంది, ఒప్పుకుంటాను. కానీ బరంపురం పెద్దమనిషి పొరపడింది సరిగ్గా అక్కడే.

పొందూరు ఖాదీ దుకాణం: మా గోడు కూడా వినండి. మా వీడియోలో ఖాదీ అన్న ప్రతిచోటా యంత్రం ఖాళీ అని విన్నది. "పొందూరు ఖాళీ చీర మీద 10 శాతం తగ్గింపు" అని వచ్చింది. తరువాత మా అమ్మాయి చేత హిందీలోనే మాట్లాడించి ఇంకో వీడియో తీశాం. మీరు కూడా సబ్‌టైటిళ్లు మానేసి అలా చేయరాదా?

పలాస పప్పు వ్యాపారి: మీకు ఇంట్లోనే హిందీ వచ్చినవారున్నారు అమ్మా. మాకు ఒడియా, హిందీ, తమిళం అన్నిటికీ మనుషులు ఎక్కడ దొరుకుతారు?

బొబ్బిలి స్క్రిప్టు రచయిత్రి: ఖాదీ గారిది వేరే జబ్బు. అక్కడ చెడింది అనువాదం కాదు, వినడం. ఎంత బాగా రాసినా యంత్రం తప్పుగా వింటే ఆ తప్పే అన్ని భాషల్లోకీ వెళుతుంది. దానికి మందు తెలుగు సబ్‌టైటిల్ ఫైలును మీరే రాసి ఎక్కించడం. అప్పుడు యూట్యూబ్ స్వయంచాలక అనువాదం మీ ఫైలు నుంచే జరుగుతుంది. కామాలు, చుక్కలు మీరు పెట్టిన చోటే ఉంటాయి.

ఇచ్ఛాపురం చదువరి: అయితే ప్రశ్న తీరిపోయినట్టే కదా! నోటితో తమ్ముడు సుమా అంటూ హాయిగా మాట్లాడతాడు, ఫైలులో మేడమ్ గారి వాక్యం ఉంటుంది. మాటను చంపుకోవడం ఎందుకు? మా ఊళ్లో ఒడియా, తెలుగు రెండూ చదివేవాళ్లం ఉన్నాం. ఇలాంటి వీడియోలు రోజూ చూస్తాం. "ఒక్కో ప్యాకెట్‌కు 50 తగ్గింపు" అన్నది ఒడియాలో మొత్తం మీద 50 అన్నట్టు మారడం నేనే చూశాను. "రెండేసి", "యాభయ్యేసి" అంటే ఇక చెప్పనక్కర్లేదు, ఆ "ఏసి" మాయమైపోతుంది. "3 ప్యాకెట్లకు 150 రూపాయలు తగ్గింపు" అని లెక్క కట్టి ఇస్తే సరిగ్గా వచ్చింది.

రాజాం రమణ: అందుకే నేను ఒడియాలోకి మార్చి, దాన్ని మళ్లీ తెలుగులోకి తిప్పి చూస్తాను. తేడా లేకపోతే వదిలేస్తాను.

ఇచ్ఛాపురం చదువరి: అది పూర్తిగా నమ్మదగ్గది కాదు రమణ గారూ. వెళ్లేటప్పుడు తప్పినది తిరిగి వచ్చేటప్పుడు సర్దుకుని మామూలుగా కనిపిస్తుంది. "ఇరవై వరకే" ఒడియాలో ఇరవై అంకెగానే ఉండి, తిరిగి "ఇరవై వరకే" అవుతుంది. తేదీ అన్న సంగతి మధ్యలో ఉన్నవారికి తెలియనే తెలియదు. తిప్పి చూడడం వల్ల పెద్ద తప్పులు దొరుకుతాయి, ఇవి దొరకవు. తెలుగు రాని ఒడియా మనిషికి చూపించి "నేను ఎన్ని కిలోలు కొనాలి, ఎంత కట్టాలి, ఎప్పటిలోగా?" అని అడగండి. ఈ మూడింటికీ సరైన జవాబు వస్తే చాలు.

బొబ్బిలి స్క్రిప్టు రచయిత్రి: పరీక్ష మంచిదే. కానీ నోటి మాట ఒకటి, ఫైలు మాట ఒకటి అన్నదానికి మాత్రం నేను ఒప్పుకోను. వీడియోను ఎవరైనా దించుకుని వాట్సాప్‌లో పంచితే మీ ఫైలు దానితో వెళ్లదు. మరో వేదికలో ఎక్కిస్తే అక్కడి యంత్రం మళ్లీ మీ తమ్ముడి గొంతునే వింటుంది. అందుకే వీడియో అంతా మీ ఇష్టం వచ్చినట్టు మాట్లాడండి. ధర, షరతు, తేదీ ఉన్న ఆ రెండు వాక్యాలను మాత్రం ఫైలులో ఉన్నట్టే నోటితో పలకండి, దృశ్యం మీద అంకెలతో అచ్చు వేయండి.

ఇచ్ఛాపురం చదువరి: ఆ రెండు వాక్యాల దగ్గరే కదండీ కొనేవాడు వింటాడు! అక్కడే మాట బిగుసుకుపోతే ప్రకటన ఎందుకు? అచ్చు వేయడం సరే. నోటి మాట మాత్రం తమ్ముడిదే ఉండనివ్వండి.

పలాస పప్పు వ్యాపారి: ఇంకొక్క సందేహం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదారి పట్టించే ప్రకటనల గురించి చెబుతుంది. యంత్రం రాసిన ఒడియా వాక్యం నా ప్రకటన కిందికి వస్తుందా?

రాజాం రమణ: మీరు రాయలేదు కనుక రాదు.

బొబ్బిలి స్క్రిప్టు రచయిత్రి: అంత తేలికగా చెప్పకండి. వీడియో ఆయనది, సబ్‌టైటిల్ తప్పని తెలిసిన తరువాత కూడా ఉంచితే వాదన వేరుగా ఉంటుంది. వకీలును అడగండి. ఈలోగా పాత వీడియోకు కొత్త ఫైలు ఎక్కించండి, వివరణలో ఆఫర్‌ను అంకెలతో రాయండి.

పలాస పప్పు వ్యాపారి: ఫైలు ఈ రాత్రికే ఎక్కిస్తాను. బరంపురం ఆయనకు మిగతా డబ్బు అడగకుండా రెండున్నర కిలోలూ పంపించాం. "సుమా" సంగతి మా తమ్ముడితో మాట్లాడాలి, వాడు వదలనంటున్నాడు.