చిన్నప్పటి ఇంటి కల: ఊరి మీద బెంగేనా, లోపల ఇంకేమైనా ఉందా?

మండువా_పిల్ల:
పాలకొల్లు దగ్గర మా మండువా ఇల్లు అమ్మేసి పదకొండేళ్లయింది. ఈమధ్య తరచూ కలలోకి వస్తోంది. మండువాలో వాన పడుతుంటుంది, గంగాళం నిండి పొర్లుతుంటుంది, నాన్న గదికి తాళం వేసి ఉంటుంది, ఎంత వెతికినా తాళంచెవి దొరకదు. మెలకువ వచ్చేసరికి గొంతు పట్టేసి ఉంటుంది. మావారు ఊరి మీద బెంగ అంటారు. అంతేనా?

శ్రీను_కూకట్‌పల్లి:
అంతేనండీ. నేను ఇక్కడ ఆరు అద్దె ఇళ్లు మారాను, అయినా ఏ కల వచ్చినా గుంటూరులో మా పాత ఇంట్లోనే జరుగుతుంది. మా ఆఫీసు మేనేజర్ కూడా వచ్చి మా వసారాలో కూర్చుంటాడు. చిన్నప్పుడు చూసింది మెదడులో గట్టిగా పడిపోతుంది. ప్రతిదానికీ లోపల ఏదో ఉందని తవ్వుకుంటే లేని టెన్షన్ వస్తుంది.

కౌన్సెలర్_విశాఖ:
శ్రీను గారూ, మీరన్నది మీ కలకి సరిపోతుంది. మీ కలలో ఇల్లు కథ జరిగే చోటు మాత్రమే, ఆవిడ కలలో ఇల్లే కథ. పైగా మీరు మామూలుగా నిద్ర లేస్తున్నారు, ఆవిడ గొంతు పట్టేసి లేస్తున్నారు. నేను ముందు చూసేది ఆ తేడానే.

అమ్మా, తాళం అంటే రహస్యం, వాన అంటే కన్నీళ్లు అని చెప్పే కలల పుస్తకాల జోలికి మాత్రం వెళ్లకండి. ఒకే తాళం ఇద్దరి కలల్లో ఒకే అర్థంతో రాదు. ఓ నోటుబుక్కు మంచం పక్కన పెట్టుకుని, లేవగానే ఫోన్ చూడకముందే రెండు ముక్కలు రాయండి: లేచేటప్పుడు మనసెలా ఉంది, ముందురోజు ఇంటివాళ్ల విషయం ఏదైనా కదిలిందా. నాలుగైదు వారాలు రాస్తే కల ఊరికే వస్తోందో, దేని వెనకాలైనా వస్తోందో తెలుస్తుంది. కొత్తగా మందులేమైనా మొదలుపెట్టారా అన్నది కూడా చూసుకోండి, కొన్ని బీపీ మాత్రలు, డిప్రెషన్ మందులు కలల్ని బాగా పెంచుతాయి. అలాగని డాక్టర్ని అడక్కుండా మాత్రలు ఆపకండి.

రిజిస్ట్రేషన్_రావు:
అమ్మా, ఇల్లు అమ్మేటప్పుడు మీ సంతకం తీసుకున్నారా? హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది. కాగితాలు ఒకసారి లాయరుకి చూపించండి.

మండువా_పిల్ల:
రావు గారూ, హక్కు విడుదల పత్రం మీద నేనే ఇష్టపడి సంతకం పెట్టాను. నా బాధ డబ్బు గురించి కాదండీ.

కౌన్సెలర్ గారు చెప్పినట్టు అయిదు వారాలు రాశాను. కొత్త మందులేమీ లేవు. కల ఏడుసార్లు వచ్చింది. అందులో అయిదుసార్లు ముందురోజు అన్నయ్య ఫ్యామిలీ గ్రూపులో ఫోటోలు పెట్టాడు. నాలుగోసారి రాస్తుంటే ఒకటి గుర్తొచ్చింది. ఇల్లు అప్పజెప్పిన రోజు, నాన్న గది ఒక్కసారి తీయమని అడిగాను. అన్నయ్య "టైమ్ అయిపోతోంది, వాళ్లు కారులో వెయిట్ చేస్తున్నారు" అని తాళాల గుత్తి అలాగే కొన్నవాళ్ల చేతిలో పెట్టేశాడు. నేనేమీ అనలేదు, ఇప్పటిదాకా కూడా అనలేదు. నాన్న కళ్లజోడు ఆ గది గూట్లోనే ఉండిపోయింది.

శ్రీను_కూకట్‌పల్లి:
చదువుతుంటే మనసు అదోలా అయిపోయిందండీ. కానీ చూడండి, చివరికి అది జ్ఞాపకమే కదా, ఉన్నదున్నట్టు.

కౌన్సెలర్_విశాఖ:
జ్ఞాపకమే, ఆ రోజు నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాటతో పాటు. చికాగోలో రోజలిండ్ కార్ట్‌రైట్ అనే పరిశోధకురాలు విడాకుల వల్ల కుంగిపోయినవాళ్లని నిద్ర ల్యాబులో పడుకోబెట్టి కలలు చెప్పించుకునేది. విడిపోయిన మనిషి బలమైన భావంతో కలలోకి వచ్చినవాళ్లే తర్వాత ఎక్కువగా కోలుకున్నారని ఆమె గమనించింది. కాబట్టి ఈ కలని చూసి భయపడకండి.

నిద్ర పాడవుతుంటే ఒకటి చేయొచ్చు. పగటిపూట మెలకువలోనే కల ముగింపు మార్చి, అంటే తలుపు తీసి కళ్లజోడు తీసుకున్నట్టు, రోజూ పది ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని ఊహించుకోవాలి. పీడకలలకి ఈ పద్ధతి వాడతారు. కల మెత్తబడొచ్చు గానీ, అన్నయ్యతో మాట్లాడాల్సింది అలాగే ఉంటుంది.

కృష్ణ_ఒడ్డు:
అన్నీ ఇంటివాళ్ల గొడవ దగ్గరికే తీసుకెళ్లకండి సార్. మా నాన్న ఊరు 1981లో శ్రీశైలం నీళ్లలో పోయింది. ఆయనకి ఎవరి మీదా కోపం లేదు, అన్నదమ్ములందరూ ఇప్పటికీ ఒక్కటే. అయినా ఇల్లు కలలోకి వస్తుంది. ఎండాకాలం నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడు అటు వెళ్లి ఒడ్డున కూర్చుని వస్తాడు. తర్వాత కొన్నాళ్లు కల రాదు, మళ్లీ మొదలవుతుంది. ఆయన ఎవరితో మాట్లాడాలి?

కౌన్సెలర్_విశాఖ:
మీరన్నది నిజం. ఆయనది తేల్చుకోవాల్సిన తగాదా కాదు, పోగొట్టుకున్న బాధ. దానికి నా దగ్గర ఇలాంటి చిట్కా లేదు. ఆయనతో పాటు మీరూ వెళ్తున్నారా?

కృష్ణ_ఒడ్డు:
రెండేళ్ల నుంచి వెళ్తున్నాను. మా వంటిల్లు ఎక్కడుండేదో వేలితో చూపిస్తాడు. అక్కడ నీళ్లే కనిపిస్తాయి.

మండువా_పిల్ల:
అన్నయ్యకి మెసేజ్ టైప్ చేసి ఉంచాను. "నాన్న కళ్లజోడు గుర్తుందా" అని, అంతే. ఇంకా పంపలేదు.