వినినంతనె వేగపడక... తరువాత ‘విచారింపదగున్’ అని ఉందా?

శారద: మా సంస్థ అంతర్గత కమిటీలో లైంగిక వేధింపుల ఫిర్యాదుపై నివేదిక రాస్తున్నాను. పైన సుమతీ శతక పద్యం పెట్టాలని ఉంది. మా నాన్నగారు ‘వేగపడక విచారింపదగున్’ అని చదివేవారు. ఏది సరి?

రఘురామ్: ‘వివరింపదగున్’. కందంలో వేరేది పట్టదు. వినినం, తనెవే, గపడక, వివరిం, పదగున్: అన్నీ నాలుగు మాత్రలే. ‘విచారిం’ అంటే ఐదవుతుంది.

పద్మజ: అర్థం మాత్రం విచారించడమే కదా. నిజమో కల్లో తేల్చడమే కమిటీ పని. రుజువు కాకపోతే ‘ఫిర్యాదు కల్ల’ అని రాసేయవచ్చు.

సుబ్బారావు: అర్థం ఒప్పుకుంటాను, ‘వివరించు’ అంటే ఇక్కడ విడదీసి చూడటం. తక్కినది ఒప్పుకోను. రుజువు కాకపోవడం వేరు, కల్ల వేరు. రుజువు చూపలేకపోయినంత మాత్రాన ఫిర్యాదుదారుపై చర్య తీసుకోనక్కర్లేదని 2013 చట్టం 14వ సెక్షన్ చెబుతుంది. దురుద్దేశం ఉందంటే అది విచారణలో విడిగా తేలాలి.

శారద గారూ, అసలు కేసు వివరాలు ఇక్కడ రాయకండి, గోప్యత ఉంది. ఊహకే ఒకటి చెబుతాను. ఘటన ఆరున్నరకు స్టోరు గదిలో జరిగిందని ఫిర్యాదు. ఆరింటికే వెళ్లిపోయానని ప్రతివాది వాదన. గేటు రిజిస్టరులో అతను వెళ్లిన సమయం 6.55. ఆమె ఏడుస్తూ బయటికి రావడం గుమాస్తా చూశాడు, లోపల జరిగింది చూడలేదు. సాక్ష్యాల భాగంలో ఇంతే రాయాలి, ‘కాబట్టి’ అన్న మాట అక్కడ రాకూడదు. అతని మాటకు రిజిస్టరు అడ్డు వస్తోందని, గుమాస్తా సాక్ష్యం ఊతమే గాని ప్రత్యక్ష సాక్ష్యం కాదని, రెండు కథనాల్లో ఏది ఎక్కువ నమ్మదగినదని నిర్ధారణల్లో తూచాలి. బదిలీ, శిక్ష మాటలు సిఫార్సుల్లోనే. అవి ముందే దొర్లితే, శిక్ష అనుకున్నాకే సాక్ష్యం వెతికారని ప్రతివాది అంటాడు.

లక్ష్మి: నేను జీతం కోతపై ఫిర్యాదు చేస్తే, నివేదిక మొదటి పేరాలోనే నన్ను ‘తరచూ గొడవపడే ఉద్యోగి’ అన్నారు. ఇప్పటికీ బాధే.

సుబ్బారావు: ఆ మాట ఎవరిదమ్మా? సాక్షిది అయితే అతని వాంగ్మూలంలో, అతని పేరు మీదే ఉండాలి. నివేదిక సొంత గొంతులో రాకూడదు.

పద్మజ: పద్యంలో మాత్రం కల్ల, నిజం రెండే ఉన్నాయి. మీ మూడోది లేదు.

రఘురామ్: శతకంలో ఎలా ఉన్నా, కందానికి తిక్కన సోమయాజే. కవి చౌడప్ప కూడా ఆ మాట ఒప్పుకునే తన గొప్ప చెప్పుకున్నాడు.

శారద: పద్మజ గారి మాట పట్టుకుంది. పద్యం పెడితే మేము ముందే ‘కల్ల’ వైపు చూస్తున్నామని ఫిర్యాదుదారుకు అనిపించదా? నిర్ధారణల ప్రతి ఇద్దరికీ ఇవ్వాలి, ఇద్దరూ అభ్యంతరాలు రాస్తారు.

సుబ్బారావు: అయితే పెట్టవద్దు.

రఘురామ్: ‘కనికల్ల’ను మీరంతా ‘కని, కల్ల’ అని విడగొట్టే చదువుతున్నారా? నాకు ఒకే పదంగా వినిపిస్తుంది.