అప్‌డేట్: సెలవు దొరికింది, మిల్లింగ్ ట్రైనింగ్ కూడా పోలేదు

నా ప్రశ్న: "మెషినిస్ట్ అప్రెంటిస్‌ని. గురువారం అమ్మకి కంటి ఆపరేషన్. ఆ రోజే గేర్ కటింగ్‌లో నా వంతు. ట్రైనింగ్ గంటలు పోకుండా సూపర్‌వైజర్ సార్‌ని సెలవు ఎలా అడగాలి?"

సోమవారం షిఫ్ట్ మొదలవకముందే సార్‌ని కలిశాను. మెషిన్ ఆన్ అయ్యాక ఆయనకి తీరిక ఉండదు. ముందు తోటి అప్రెంటిస్‌తో మాట్లాడుకున్నాను: గురువారం నా వంతు అతను, శనివారం అతని వంతు నేను. తర్వాత సార్‌తో, "గురువారం అమ్మకి ఆపరేషన్ సార్, సెలవు కావాలి. గేర్ పని శనివారం చేస్తాను, అతను ఒప్పుకున్నాడు" అన్నాను. హాస్పిటల్ చీటీ చూపించాను.

మీలో కొందరు సాయంత్రాలు ఎక్కువసేపు ఉండి గంటలు పూడ్చమన్నారు. సార్ దానికి ఒప్పుకోలేదు. అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనుమతి లేకుండా అప్రెంటిస్‌తో ఓవర్‌టైమ్ చేయించకూడదని 1961 అప్రెంటిస్ చట్టంలోనే ఉందట. సెలవులు మాత్రం సంస్థలో ఉన్న పద్ధతి ప్రకారం మాకూ వర్తిస్తాయి కాబట్టి, లీవ్ ఫారం రాయించుకుని సంతకం పెట్టారు.

లాగ్‌బుక్ గురించి ఆయన గట్టిగా చెప్పారు. గురువారం గడిలో 'సెలవు' అనే రాయాలి. గేర్ పని నిజంగా చేసిన శనివారం తేదీతోనే ఎక్కించాలి. చేయని రోజు చేసినట్టు రాస్తే హాజరు పట్టీతో కలవదు, అప్పుడు ఆ పేజీ మీద సంతకం చేయరు.

శనివారం ఇండెక్సింగ్ హెడ్ సెట్ చేసి గేర్ కోశాను, సార్ పళ్లు కొలిచి సంతకం పెట్టారు. అమ్మ కూడా బాగానే ఉంది. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.