80 శాతం, 60 శాతం ఒకే పోటీలో: ఎఫ్46 తరగతి న్యాయంగా ఉందా?

చీపురుపల్లి అన్న
మా తమ్ముడి ఎడమ చేయి చెరకు గానుగలో పడింది. మోచేతికి పైనే తీసేశారు. సదరం సర్టిఫికెట్‌లో 80 శాతం వైకల్యం అని రాశారు. మొన్న రాష్ట్ర స్థాయి పారా జావెలిన్ పోటీలో వాడితో పాటు దిగిన కుర్రాడికి ఎడమ అరచెయ్యి మాత్రమే లేదు, మణికట్టు దగ్గర పోయింది. అతనిది 60 శాతం. ఇద్దరినీ ఒక చేతి లోపం ఉన్నవాళ్ల త్రో తరగతి ఎఫ్46 లోనే పెట్టారు. ఆ కుర్రాడు మూడున్నర మీటర్లు ఎక్కువ విసిరి గెలిచాడు. ఇది న్యాయమేనా?

రాజాం వ్యాయామ ఉపాధ్యాయుడు
నాకైతే అన్యాయంగానే కనిపిస్తోంది. పరుగు పందాల్లో మోచేతికి పైన పోయినవాళ్లు టీ46, కింద పోయినవాళ్లు టీ47 అని విడిగా చూస్తారు. త్రోలో ఎందుకు చూడరు? 80 శాతం వాళ్లను ఒక పక్క, 60 శాతం వాళ్లను ఒక పక్క పెడితే గొడవే ఉండదు. సర్టిఫికెట్లు పట్టుకుని నిర్వాహకులను అడగండి.

ఫిజియోథెరపీ, శ్రీకాకుళం
మాస్టారూ, సర్టిఫికెట్ పట్టుకుని వెళ్తే పని జరగదు. శాతం వేరు, తరగతి వేరు. పోటీల్లో ఎవరు ఏ తరగతో తేల్చే క్లాసిఫికేషన్ గదిలో సహాయకుడిగా పనిచేశాను కాబట్టి చెబుతున్నాను.

శాతం పింఛనుకీ రిజర్వేషన్‌కీ పనికొచ్చే లెక్క. మనిషి శరీరం మొత్తం మీద ఎంత నష్టం జరిగిందో అది చెబుతుంది. మణికట్టు దగ్గర చేయి పోతే 60. మోకాలికి బాగా కింద, పిక్క దిగువన కాలు పోయినా 60. శాతాన్ని బట్టి జట్టు కట్టాలంటే, రెండు కాళ్లూ గట్టిగా ఉన్న ఆ కుర్రాడు, కృత్రిమ కాలితో పరుగెత్తే మనిషి ఒకే గీత మీద నిలబడాలి. అది మనలో ఎవరికీ న్యాయం అనిపించదు.

క్లాసిఫికేషన్‌లో అడిగే ప్రశ్న వేరు. ఈ లోపం ఈ ఆటలో ఈ పనికి ఎంత అడ్డు వస్తుంది? జావెలిన్‌లో మీ తమ్ముడికీ ఆ కుర్రాడికీ విసిరే చేయి కుడిచేయే. అది ఇద్దరికీ నిండుగా ఉంది. లేని చేయి చేసే పని ఏమిటంటే, పరుగులో బరువు సరిచూడటం, ఈటె వదిలే ముందు ముందుకు చాచి, వెంటనే పక్కటెముకల వైపు లాక్కోవడం. అలా లాగినప్పుడు ఎడమ పక్క ఆగుతుంది, కుడి భుజం దాని మీదుగా తిరుగుతుంది. మోచేతికి కింద పోయినా పైన పోయినా ఈ పని దెబ్బతింటుంది. ఆ తేడా రెండు తరగతులు చేసేంత పెద్దది కాదని త్రోల నియమాలు భావిస్తాయి. పరుగులో తేడా బయటికి కనిపిస్తుంది. స్టార్టింగ్ బ్లాక్ దగ్గర వంగినప్పుడు మోచేయి మిగిలినవాళ్లు చిన్న దిమ్మ పెట్టుకుని దాని మీద మొండి చేయి ఆనిస్తారు. పైన పోయినవాళ్లకు ఆ దిమ్మ చాలా ఎత్తుగా కావాలి. అయితే అక్కడ కూడా పేరుకే రెండు తరగతులు. పారాలింపిక్స్‌లో 100 మీటర్లకు వీళ్లందరూ టీ47 పేరుతో ఒకే పందెంలో దిగుతారు.

బొబ్బిలి పాఠకుడు
నాకు ఒక కన్ను అసలు కనిపించదు. రెండోది బాగుంది. సర్టిఫికెట్ 30 శాతమే ఇచ్చారు. కాలేజీలో పరుగులో నేనే ముందు వచ్చేవాడిని. పారా పోటీలకు వెళ్తే తీసుకోలేదు. 40 శాతం ఉంటే తీసుకునేవారు కదా?

ఫిజియోథెరపీ, శ్రీకాకుళం
లేదు బాబూ, మీ విషయంలోనూ శాతం అడ్డం కాలేదు. చూపు తరగతులకు బాగున్న కంటినే చూస్తారు, అదీ కళ్లద్దాలు పెట్టించి. మీ రెండో కన్ను బాగుంది కాబట్టి కనీస లోపం అనే గడప దాటలేదు. అలాంటి గడప ప్రతి లోపానికీ ఉంటుంది. పోలియోతో ఒక కాలు పొట్టిదైన వాళ్లకు అథ్లెటిక్స్‌లో రెండు కాళ్ల తేడా 7 సెంటీమీటర్లు ఉండాలి. ఐదు సెంటీమీటర్ల తేడాతో కుంటుతూ వచ్చిన ఒక అబ్బాయిని కాలి పొడవు మీద వెనక్కి పంపడం నేను చూశాను. అప్పుడు కాలి కండరాల బలం కూడా పరీక్షించారు, ఆ దారిలో అర్హత వచ్చింది.

పాలకొండ నుంచి
మరి టోక్యో పారాలింపిక్స్‌లో వినోద్ కుమార్ పతకం ఎందుకు తీసేశారు? మోసం చేశాడనేగా?

ఫిజియోథెరపీ, శ్రీకాకుళం
పతకం తీసేసినప్పుడు మోసం అని తేల్చలేదు. ఆ మాట తర్వాత వచ్చింది. 2021 ఆగస్టు 22న ఆయనకు ఎఫ్52, అంటే కూర్చుని విసిరే, వేళ్ల పట్టు తక్కువైనవాళ్ల తరగతి ఇచ్చారు. 29న డిస్కస్‌లో 19.91 మీటర్లు విసిరి కాంస్యం గెలిచారు. తోటి పోటీదారులు అభ్యంతరం చెప్పారు, మళ్లీ పరీక్షించారు. ఏ తరగతీ ఖాయం చేయలేకపోయామని చెప్పి ఫలితం రద్దు చేశారు. బల్ల మీద పడుకోబెట్టి కండరాల బలాన్ని సున్నా నుంచి ఐదు వరకు లెక్కిస్తారు. కానీ అది మొదటి మెట్టు మాత్రమే. ఆట సామగ్రితో చేయించి చూస్తారు, ఆపైన మొదటి పోటీలోనూ గమనిస్తారు. బల్ల మీద వేలు బిగించలేనన్న చేయి మైదానంలో డిస్కస్‌ను గట్టిగా పట్టుకుంటే ఆ మూడూ పొసగవు. అబద్ధం ఆడినా పొసగవు, పరీక్షించినవాళ్లు పొరబడినా పొసగవు. ఆయన కావాలనే సామర్థ్యాన్ని తక్కువ చేసి చూపారని తర్వాత విచారణలో తేల్చి రెండేళ్ల నిషేధం వేశారు.

ఇంకా పెద్ద మోసం కావాలంటే 2000 సిడ్నీ చూడండి. స్పెయిన్ మేధోవైకల్య బాస్కెట్‌బాల్ జట్టులో 12 మందిలో 10 మందికి ఆ వైకల్యమే లేదు. ఆ ఒక్క దెబ్బకు మేధోవైకల్యం ఉన్న క్రీడాకారులందరికీ 2012 లండన్ వరకు పారాలింపిక్స్ తలుపు మూసుకుంది. మన వరంగల్ వైపు దీప్తి జీవాంజి 2024 పారిస్‌లో మేధోవైకల్య తరగతి టీ20 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది ఆ తలుపు మళ్లీ తెరుచుకున్నందుకే.

రాజాం వ్యాయామ ఉపాధ్యాయుడు
శాతం సంగతి ఒప్పుకుంటున్నాను సార్. కానీ తరగతులను కలపడం మాత్రం ఒప్పుకోను. సందీప్ చౌదరి ఎఫ్44. కాలు ఉంది, బలం తక్కువ. ఆయన్ని కృత్రిమ కాలితో విసిరే సుమిత్ అంతిల్ ఎఫ్64 పోటీలో దించారు. పారిస్‌లో సుమిత్ 70.59, సందీప్ 62.80తో నాలుగో స్థానం. టోక్యోలోనూ నాలుగే. ఎఫ్44 కి విడిగా పోటీ ఉంటే?

ఫిజియోథెరపీ, శ్రీకాకుళం
ఇక్కడ మీ బాధ నిజం. తరగతికి తగినంత మంది లేనప్పుడు పక్క తరగతితో కలుపుతారు, లేదంటే ఆ పోటీయే ఎత్తేస్తారు. ఎఫ్46 జావెలిన్‌నే 2008లో, 2012లో ఎత్తేశారు. ఏథెన్స్‌లో స్వర్ణం తెచ్చిన దేవేంద్ర ఝఝరియా పన్నెండేళ్లు ఆగి రియోలో మళ్లీ గెలిచాడు. కృత్రిమ కాలు త్రోలో లాభమా నష్టమా అంటే నేను గట్టిగా చెప్పలేను. సుమిత్ కుడిచేత్తో విసురుతాడు, కృత్రిమమైంది ఎడమ కాలు. ఈటె వదిలేటప్పుడు బిగబట్టి నిలబడాల్సిన కాలు అదే.

చీపురుపల్లి అన్నా, రెండు విషయాలు చెప్పండి. ఆ కుర్రాడు ఎన్నేళ్లుగా విసురుతున్నాడు? పరుగు లేకుండా నిలబడి విసిరితే ఇద్దరికీ ఎంత వస్తోంది?

చీపురుపల్లి అన్న
ఆ కుర్రాడు ఆరేళ్లుగా చేస్తున్నాడు. మా వాడికి ఏడాదిన్నర. నిలబడి విసిరితే మా వాడు 31, అతను 31.8. పరుగుతో మా వాడు 36, అతను 39.5.

ఫిజియోథెరపీ, శ్రీకాకుళం
చూశారా, నిలబడి విసిరితే మీటరు కూడా తేడా లేదు. పరుగు మీ వాడికి 5 మీటర్లు ఇస్తోంది, అతనికి 7.7. కాళ్లు అడ్డంగా వేసే చివరి అడుగుల్లో పోతోంది మీ వాడి దూరం. ఒక పక్క బరువు లేనివాడు అక్కడే ఒరుగుతాడు, సాధన తక్కువైనవాడూ అక్కడే ఒరుగుతాడు. అందుకే ఈ మూడున్నర మీటర్లలో చేతిది ఎంత, నాలుగున్నరేళ్ల సాధనది ఎంత అని ఏ ప్యానెల్ కూడా విడదీయలేదు. విడదీయకూడదు కూడా. సాధనను, ప్రతిభను తరగతిలో లెక్కేస్తే బాగా శ్రమించినవాడికి శిక్ష వేసినట్టే. వెనక నుంచి ఆఖరి ఐదు అడుగుల వీడియో తీయండి. ఎడమ భుజం కిందికి జారుతోందేమో చూడండి.

చీపురుపల్లి అన్న
వీడియో తీస్తాను సార్. కానీ ఒక మాట. అరచెయ్యి లేకపోయినా అతనికి మోచేయి వంగుతుంది. మా వాడికి లాక్కోవడానికి మోచేయే లేదు. ఆ తేడా పెద్దది కాదని రాసినవాళ్లు మా వాడు విసిరేటప్పుడు ఒక్కసారి పక్కన నిలబడి చూస్తే బాగుండేది.

రాజాం వ్యాయామ ఉపాధ్యాయుడు
ఆ మాటకు నేను మీ వైపే.