శుక్రుడు వక్రిస్తే మూఢం వచ్చినట్టేనా?

అనురాధ, బ్రాడీపేట, గుంటూరు:
2025లో మా అక్క కూతురి నిశ్చితార్థం దగ్గర వచ్చిన పేచీ ఇది. మార్చిలో శుక్రమూఢం ఉందని పురోహితులు ఆగమన్నారు. ఆ నెలలోనే మూఢం పోయింది, ఉగాది దాటాక ఏప్రిల్ మొదటి వారంలో తాంబూలాలు పుచ్చుకోవచ్చన్నారు. పిల్ల ససేమిరా అంది. ఫోన్లో చూపించి, బుధుడు ఏప్రిల్ 7 దాకా, శుక్రుడు 13 దాకా రెట్రోగ్రేడ్, ఆలోపు ఉంగరాలు మార్చుకోను అంది. మా అక్కేమో "మూఢం పోయాక ఇంకా వక్రం ఏమిటే, రెండూ ఒకటే కదా" అంటుంది. ఈ రెండు మాటలూ నిజంగా ఒకటేనా?

సుబ్బారావు, తెనాలి:
ఒకటేనమ్మా. గ్రహం వెనక్కి నడిస్తే బలం పోతుంది, దాన్నే పెద్దలు మూఢం అన్నారు. "విధి వక్రించింది" అంటే చెడు జరిగిందనేగా. మాట వింటేనే తెలియడం లేదా?

శాస్త్రి, సత్యనారాయణపురం, విజయవాడ:
సుబ్బారావుగారూ, మూఢం అంటే కనిపించకపోవడం. శుక్రుడు సూర్యుడికి దగ్గరగా వచ్చి ఆ వెలుగులో మునిగిపోతే మూఢం. "మోహం" పుట్టిన ధాతువే ఇది, స్పృహ తప్పడం అన్న భావం. వక్రం అంటే నడక మారడం. నక్షత్రాల మధ్య రోజూ తూర్పుకు జరిగే గ్రహం పడమటికి జరుగుతున్నట్టు కనబడటం. శుక్రుడు మనకూ సూర్యుడికీ మధ్యగా భూమిని దాటిపోయేటప్పుడు అలా కనిపిస్తుంది. సుమారు 19 నెలలకొకసారి, ఆరు వారాల పాటు. బుధుడికైతే ఏడాదికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు, మూడేసి వారాలు.

సూర్యసిద్ధాంతం సూర్యుడికి ఎంత దగ్గరైతే మూఢమో హద్దు చెబుతూ, శుక్రుడికి మామూలు నడకలో 10 డిగ్రీలు, వక్రంలో ఉంటే 8 డిగ్రీలు అంది. రెండూ ఒకటైతే రెండు అంకెలు ఎందుకు?

మీ ఇంటి సంగతే చూడండి, అనురాధగారూ. శుక్రుడు మార్చి 2న వక్రించి ఏప్రిల్ 13న వక్రం వదిలాడు. మధ్యలో మార్చి 23 ప్రాంతంలో సూర్యుడికి సూటిగా వచ్చాడు, దాని చుట్టూ కొద్దిరోజులే మూఢం. అంటే వక్రం మధ్యలో మూఢం వచ్చి వెళ్లిపోయింది, వక్రం మిగిలింది. మీ పురోహితుల మాటా నిజమే, పిల్ల చూపించిన తేదీలూ నిజమే. అదే 2025 నవంబరు చివర నుంచి 2026 ఫిబ్రవరి మధ్య వరకు వచ్చిన పెద్ద మూఢంలో శుక్రుడు సూర్యుడికి అవతల ఉన్నాడు, ఒక్కరోజు కూడా వక్రించలేదు.

మనవాళ్లు పెళ్లికి చూసేది గురు, శుక్ర మూఢాలు. నిశ్చితార్థానికి కూడా పట్టించుకునే ఇళ్లున్నాయి, పట్టించుకోని ఇళ్లున్నాయి. వక్రమని తాంబూలాలు ఆపడం మా ఇళ్లలో నేను చూడలేదు. పైగా జాతకంలో వక్రించిన గ్రహానికి చేష్టాబలం ఎక్కువంటారు, తక్కువ కాదు.

లావణ్య, బెంజిసర్కిల్:
మాలాంటి వాళ్లం ఆగేది పాశ్చాత్య జ్యోతిషం చదివి. అందులో శుక్రుడిది ప్రేమ, రెట్రోగ్రేడ్‌లో మొదలైన బంధం నిలవదని, పాత మనిషి తిరిగొస్తాడని నమ్మకం. బుధుడిది మాట, సంతకం. అందుకే హాల్ బుకింగ్ కూడా వాయిదా వేస్తారు. ఆ మార్చిలోనే ఒకతను పరిచయమయ్యాడు. ఏప్రిల్ దాటాక మాట్లాడదామని ఊరుకున్నాను. కారణం అతనికి చెప్పలేదు. ఇప్పుడు పలకడు. అది ఇంకా బాధే.

కోటేశ్వరమ్మ, పొన్నూరు:
బుధవారం మంచిదే తల్లీ. మా పెద్దాడి పెళ్లిచూపులు బుధవారమే జరిగాయి.

శాస్త్రి:
వారం గురించి కాదండీ కోటేశ్వరమ్మగారూ, బుధగ్రహం నడక గురించి.

మాట సంగతికొస్తే, వక్రం అంటే వంకర, అంతే. వంక కూడా ఆ ఇంటి మాటే. నెలవంకను చూసి ఎవరూ భయపడరు. నిశ్చితార్థంలో మొదట చదివేదే "వక్రతుండ" కదా. "వక్రబుద్ధి", "విధి వక్రించింది" అన్నవాటిలో చెడు ఆ వాడుకది.

సుబ్బారావు:
వక్రతుండ మాట ఒప్పుకుంటాను. కానీ జనం చెవికి "వక్రించాడు" అంటే చెడే వినిపిస్తుంది. పత్రికల్లో రాసే "తిరోగమనం" మేలు కదా?

అనురాధ:
ఆ మాటతో మళ్లీ తికమకేనండీ. తిరోధానం, తిరోహితం అంటే కనబడకుండా పోవడం. అలా చూస్తే తిరోగమనం మూఢానికే నప్పేలా ఉంది. పురోగమనానికి ఎదురుగా తెలుగులో వెనకడుగు అన్న అర్థం ఎలా స్థిరపడిందో ఎవరైనా పాత వాడుకలు చూపిస్తే బాగుండు.

శాస్త్రిగారి మార్చి లెక్క అక్కకు చదివి వినిపించాను. అప్పట్లో పిల్ల మనసు కోసం ఏప్రిల్ మూడో వారంలో చేశాం. పిల్లది మూఢనమ్మకమని అక్క ఇన్నాళ్లూ అంటూ వచ్చింది. ఆ మాటలోనూ మూఢం ఉందే అని ఇవాళే గమనించాం.